మూడే ఓటములు... అయినా ఇంటికి!

వనపర్తి దగ్గర శ్రీరంగాపూర్ నుంచి డిగ్రీ చదివే పాఠకుడొకరు ఓ ఫొటో పంపారు. 2021 ఫిబ్రవరి నాటి పేపర్లో వచ్చిన ఇండియన్ సూపర్ లీగ్ పాయింట్ల పట్టిక అది. ఎప్పుడో దాచుకున్న కాగితం కాబోలు, మడతలు పడింది. కుడివైపు అంచు చిరిగిపోయింది. ఫ్లాష్ పడి మధ్యలో ఓ అంకె తెల్లగా వెలిసిపోయింది. కింద ఆయన ప్రశ్న: 'ఆ ఏడాది ముంబయి నాలుగు ఓడింది, మోహన్ బగాన్ నాలుగు ఓడింది. మన హైదరాబాద్ మూడే ఓడింది. అయినా సెమీస్‌కి వాళ్లు వెళ్లారు, మనవాళ్లు ఇంటికొచ్చారు. ఇదేం లెక్క? ఆఖరి మ్యాచ్‌లో ఎన్ని గోల్స్ తేడాతో గెలిచి ఉంటే సరిపోయేది?'

మంచి ప్రశ్న. ఆ రెండో సగానికి జవాబు వింటే ఆయన కాస్త ఆశ్చర్యపోవచ్చు. ముందు ఆ చిరిగిన పట్టికను బాగుచేసుకుందాం. ఫొటోలో మిగిలిందంతా ఇదీ...

| జట్టు | గెలుపు | డ్రా | ఓటమి | కొట్టినవి | ఇచ్చినవి |
|---|---|---|---|---|---|
| మోహన్ బగాన్ | 12 | 4 | 3 | 28 | 13 |
| ముంబయి | 11 | 4 | 4 | 33 | 18 |
| నార్త్ఈస్ట్ | 8 | 9 | 3 | 31 | 25 |
| గోవా | 7 | 9 | 3 | 31 | ? |
| హైదరాబాద్ | 6 | 10 | 3 | 27 | 19 |
| జంషెడ్‌పూర్ | 7 | 6 | 7 | 21 | 22 |
| బెంగళూరు | 5 | 7 | 8 | 26 | 28 |
| చెన్నై | 3 | 11 | 6 | 17 | 23 |
| ఈస్ట్ బెంగాల్ | 3 | 8 | 9 | 22 | 33 |
| కేరళ | 3 | 8 | 9 | 23 | 36 |
| ఒడిశా | 2 | 6 | 12 | 25 | 44 |

ఇంగ్లిష్ పేపర్లలోనూ టీవీ తెరమీదా ఈ గడులకు పైన W, D, L, GF, GA అని ఉంటుంది. చిరిగిపోయిన ముక్కలో ఉండాల్సినవి రెండే: గోల్స్ తేడా చెప్పే GD, పాయింట్లు చెప్పే Pts. ఆ రెండూ పోయినా బెంగ లేదు. అవి మిగతా గడుల్లోంచి పుట్టినవే.

గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. కాబట్టి గెలుపుల్ని మూడుతో హెచ్చవేసి డ్రాలు కలిపితే పాయింట్లు వచ్చేస్తాయి. హైదరాబాద్‌కు ఆరు మూళ్లు పద్దెనిమిది, పది డ్రాలకు పది... మొత్తం 28. గోవాకు ఏడు మూళ్లు ఇరవై ఒకటి, తొమ్మిది డ్రాలు... మొత్తం 30. నార్త్ఈస్ట్‌కు 33, ముంబయికి 37, మోహన్ బగాన్‌కు 40. గెలుపు, డ్రా, ఓటమి మూడూ కూడితే ఆడిన మ్యాచ్‌ల సంఖ్య వస్తుంది. ఇలా కూడి చూడండి, పై అయిదింటిలో నార్త్ఈస్ట్ ఒక్కటే 20 ఆడేసింది. మిగతా నాలుగూ 19 దగ్గరున్నాయి. ఆ లీగ్‌లో జట్లు 11. ప్రతి జట్టూ మిగతా పదింటితో రెండేసిసార్లు, అంటే 20 మ్యాచ్‌లు ఆడాలి. కాబట్టి ఇది లీగ్ దశ ముగియడానికి ఒక్కరోజు ముందటి పట్టిక. తేదీ చిరిగిపోయినా కూడికే తేదీ చెప్పేసింది: 2021 ఫిబ్రవరి 27 రాత్రి. ఆ సాయంత్రమే ఒడిశా, ఈస్ట్ బెంగాల్ మీద 6-5తో గెలిచింది. ఫుట్‌బాల్‌లో అలాంటి స్కోరు అరుదుగా చూస్తాం. అప్పటిదాకా ఒకే ఒక్క గెలుపున్న జట్టు అది!

ఇక గోల్స్ తేడా. క్రికెట్‌లో నెట్ రన్‌రేట్‌కు ఇది తమ్ముడిలాంటిది. కాకపోతే అన్నలా ఓవర్లు, దశాంశాలు అంటూ సతాయించదు. కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేయడమే. హైదరాబాద్‌కు 27లోంచి 19 పోతే 8 మిగులు. చెన్నైకి 17లోంచి 23 తీయాలి కాబట్టి మైనస్ 6. మరి గోవా? అక్కడే ఫ్లాష్ పడింది.

దీనికో చక్కని కిటుకుంది. ఒక జట్టు కొట్టిన ప్రతి గోల్‌నూ ఇంకో జట్టు ఇచ్చుకుని తీరాలి. కాబట్టి పట్టిక మొత్తం మీద కొట్టిన గోల్స్ కూడితే ఎంతో, ఇచ్చిన గోల్స్ కూడినా సరిగ్గా అంతే రావాలి. కొట్టినవి కూడండి... 284. ఇచ్చినవాటిలో గోవాను వదిలేసి మిగతా పది జట్లవీ కూడితే 261. తగ్గింది 23. గోవా ఇచ్చిన గోల్స్ అవే. 31లోంచి 23 పోతే గోవా తేడా కూడా ప్లస్ 8! హైదరాబాద్‌తో సరిసమానం.

సరిగ్గా వచ్చిందో లేదో ఇంకోసారి చూసుకోవాలంటే తేడాలన్నీ పక్కపక్కన రాయండి. మిగులున్న అయిదు జట్లవి 15, 15, 6, 8, 8 కలిపితే 52. లోటున్న ఆరు జట్లవి 1, 2, 6, 11, 13, 19 కలిపినా 52. చిట్టా సరిపోయింది. గెలుపులు, ఓటములు కూడా ఇలాగే. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి కదా, అందుకే రెండు గడులూ 67 దగ్గరే ఆగుతాయి. డ్రాలు కూడితే 82. ఒక్కో డ్రా రెండు జట్ల ఖాతాలో పడుతుంది కాబట్టి అది ఎప్పుడూ సరిసంఖ్యే కావాలి. బేసి వచ్చిందంటే ఎక్కడో అంకె తప్పు చదివామన్నమాట.

ఫొటోలోంచి చదివేటప్పుడు ఈ కూడికలు ఊరికే కాదు. మసకగా ఉన్నప్పుడు 1, 7 ఒకేలా కనిపిస్తాయి. 3, 8 కలిసిపోతాయి. మైనస్ గుర్తయితే సన్నటి గీతే కాబట్టి అన్నిటికంటే ముందు మాయమయ్యేది అదే. హైదరాబాద్ కొట్టిన 27ను 21 అనుకున్నామనుకోండి. మొత్తం 284కు బదులు 278 వస్తుంది. ఆరు తక్కువ. ఆరు తేడా రావాలంటే ఎక్కడో 7ను 1గా చదివి ఉండాలని వెంటనే తెలిసిపోతుంది. అయితే దీనికీ ఓ హద్దుంది. ఒకే గడిలో రెండు అంకెలు పోతే ఆ రెండింటి మొత్తం తెలుస్తుందే తప్ప దేనిది ఎంతో తెలియదు. అప్పుడు అడ్డు వరుసలో తేడా గానీ పాయింట్లు గానీ మిగిలి ఉంటేనే దారి.

సరే, పట్టిక బాగుపడింది. అసలు కథలోకి వద్దాం.

ఆ సీజన్ కరోనా కారణంగా మొత్తం గోవాలోనే, ప్రేక్షకుల్లేకుండా ఆడారు. సెమీఫైనల్స్‌కు వెళ్లేది మొదటి నాలుగు జట్లు. మోహన్ బగాన్, ముంబయి ఎప్పుడో వెళ్లిపోయాయి. నార్త్ఈస్ట్ సంగతి? దానికి 33 ఉన్నాయి. కింద ఉన్న హైదరాబాద్ గరిష్ఠంగా ఎంతకు వెళ్లగలదు? ఉన్న 28కి మిగిలిన ఒక్క మ్యాచ్ మూడు పాయింట్లు కలిపితే 31. అంటే నార్త్ఈస్ట్‌ను అందుకోలేదు. ఆరో స్థానంలో ఉన్న జంషెడ్‌పూర్ 20 మ్యాచ్‌లూ ఆడేసి 27 దగ్గరే ఆగింది. దాని తలుపులు మూసుకున్నాయి. మిగిలింది ఒకే ఒక్క కుర్చీ. దానికోసం ఇద్దరు: 30తో గోవా, 28తో హైదరాబాద్. ఫిబ్రవరి 28న ఆఖరి మ్యాచ్ ఆ ఇద్దరి మధ్యే పడింది!

ఇప్పుడు మన పాఠకుడి ప్రశ్న. గోల్స్ తేడా ఇద్దరికీ ప్లస్ ఎనిమిదే. ఇలా సమానంగా కనిపించగానే ఎవరి చూపైనా దానిమీదే పడుతుంది. ఒక గోల్‌తో గెలిస్తే చాలా, రెండు కావాలా అని వేళ్లు మడిచేస్తాం. కానీ ఒక్కసారి ఆ మ్యాచ్‌కు ఉన్న మూడు దారులూ నడిచి చూడండి. గోవా గెలిస్తే 33-28. డ్రా అయితే 31-29. హైదరాబాద్ గెలిస్తే 30-31. ఈ మూడింటిలో ఎక్కడైనా ఇద్దరి పాయింట్లూ సమానమయ్యాయా? లేదు. గోల్స్ తేడా చూసేది పాయింట్లు సమానమైనప్పుడు మాత్రమే. సమానమే కానప్పుడు దాని అవసరం ఎక్కడిది? హైదరాబాద్ ఒక్క గోల్‌తో గెలిచినా సెమీస్‌కు వెళ్లేది, పది గోల్స్‌తో గెలిచినా అంతకుమించి దొరికేది లేదు.

దీని వెనుక సూత్రం చాలా చిన్నది. రెండు జట్లు తమలో తాము ఆడుతున్నప్పుడు వాటి మధ్య పాయింట్ల దూరం అయితే మూడు మారుతుంది, లేదా అసలు మారదు. డ్రా అయితే ఇద్దరికీ ఒక్కొక్కటి కాబట్టి దూరం అలాగే ఉంటుంది. అందుకే రెండు పాయింట్ల దూరం ఎన్నటికీ సున్నా కాదు. అయిదవుతుంది, రెండుగా ఉండిపోతుంది, లేదా ఒకటై అవతలివైపు తిరుగుతుంది. అదే దూరం మూడయితే? వెనకున్న జట్టు గెలిచిందా, ఇద్దరూ ఒకే మెట్టు మీదికొచ్చేస్తారు. అసలు తిరకాసు అప్పుడు మొదలవుతుంది.

చిత్రమేమిటంటే అదే రోజు రెండో మ్యాచ్‌లో సరిగ్గా ఆ మూడు పాయింట్ల దూరమే ఉంది. మోహన్ బగాన్ 40, ముంబయి 37. లీగ్‌లో అగ్రస్థానం ఎవరిదో తేల్చే పోరు. ఆ ఇద్దరి గోల్స్ తేడా కూడా సమానమే, ప్లస్ 15 చొప్పున! ముంబయి 2-0తో గెలిచింది. ఇద్దరూ 40. ఈ లీగ్‌లో ఇలాంటప్పుడు ముందు చూసేది మొత్తం గోల్స్ తేడాను కాదు, ఆ ఇద్దరి మధ్య ముఖాముఖి ఫలితాలను. జనవరిలోనూ ముంబయి 1-0తో గెలిచి ఉంది. కాబట్టి మొదటి స్థానం దానిదే. గోల్స్ తేడా చూసినా ముంబయి 17కు పెరిగింది, మోహన్ బగాన్ 13కు దిగింది. రెండు తూకాల్లోనూ ఒకే జవాబు వచ్చింది కాబట్టి ఎవరూ వాదులాడలేదు.

అన్నిసార్లూ అలా రాదు. 2018-19లో బెంగళూరు, గోవా రెండూ 34 పాయింట్లతో ముగించాయి. గోవా గోల్స్ తేడా ప్లస్ 16, బెంగళూరుది ప్లస్ 7. చూడగానే గోవాదే పైచేయి అనిపిస్తుంది. కానీ ముఖాముఖిలో రెండు మ్యాచ్‌లూ బెంగళూరు గెలిచింది. అగ్రస్థానం దానికే దక్కింది. అదే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2011-12లో మాంచెస్టర్ జట్లు రెండూ 89 పాయింట్లతో సమానమైతే, ప్లస్ 64 ఉన్న సిటీకి కప్పు వెళ్లింది, ప్లస్ 56 ఉన్న యునైటెడ్‌కు కన్నీళ్లు మిగిలాయి. అక్కడ ముందు చూసేది గోల్స్ తేడాను. ఏ పట్టిక ఫొటో చూసినా అంకెలతోపాటు ఆ టోర్నీ నిబంధనల్లో ఈ వరుస ఏమిటో తెలుసుకోకుండా 'ఇన్ని గోల్స్ కావాలి' అని చెప్పడం గాల్లో మేడ కట్టడమే. పట్టికలో ముఖాముఖి ఫలితాల గడి ఉండదు మరి. దానికి పాత స్కోర్లు వెతుక్కోవాల్సిందే.

ఇంతకీ ఆ రోజు గోవా, హైదరాబాద్ మ్యాచ్ ఏమైంది? 0-0. గోవాకు డ్రా చాలు, అది ఆ పని చేసుకుపోయింది. 31 పాయింట్లతో నాలుగో స్థానం. హైదరాబాద్ 29తో అయిదో స్థానం. ఇరవై మ్యాచ్‌ల్లో ఆరు గెలుపులు, మూడు ఓటములు, పదకొండు డ్రాలు. ఆ సీజన్లో మూడుకంటే తక్కువ ఓడిన జట్టే లేదు. నార్త్ఈస్ట్, గోవా, హైదరాబాద్ ముగ్గురూ మూడేసి ఓడారు. ఆ ముగ్గురిలో ఎనిమిది, ఏడు గెలిచినవాళ్లు లోపలికెళ్లారు. ఆరు గెలిచినవాళ్లు బయటుండిపోయారు. పాఠకుడి మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: ఈ పట్టిక ఓటములను లెక్కపెట్టదు. ఒక గెలుపు, ఒక ఓటమి వచ్చిన జట్టుకు మూడు పాయింట్లయితే, ఓడకుండా రెండు డ్రాలు చేసుకున్న జట్టుకు రెండే.

గెలుపుకు రెండు పాయింట్లే ఇచ్చిన పాతకాలంలో అయితే హైదరాబాద్ గట్టెక్కేదా? ప్రపంచకప్పుల్లో మూడు పాయింట్ల పద్ధతి వచ్చింది 1994లోనే. పాత లెక్కన చివరికి గోవాకు 24, హైదరాబాద్‌కు 23. దూరం తగ్గింది గానీ వరుస మారలేదు. పాపం!

కుర్చీ ఎక్కడ జారిపోయిందో చూడాలంటే ఆఖరి మ్యాచ్ కంటే వెనక్కి వెళ్లాలి. 2020 డిసెంబరు 30. అదే గోవాతో మొదటి మ్యాచ్. అరిదానె సాంటానా గోల్‌తో హైదరాబాద్ 1-0 ఆధిక్యంలో ఉంది. 87వ నిమిషంలో ఇషాన్ పండిత సమం చేశాడు. ఇంజురీ టైంలో ఇగోర్ అంగులో రెండో గోల్ కొట్టాడు. 2-1తో గోవా గెలుపు. ఇప్పుడు ఆ ఒక్క చివరి గోల్‌ను చెరిపేసి లెక్క కట్టండి. మ్యాచ్ 1-1. గోవాకు మూడుకు బదులు ఒకటి, అంటే రెండు తగ్గి 29. హైదరాబాద్‌కు సున్నాకు బదులు ఒకటి, అంటే 30. మిగతావన్నీ అలాగే జరిగి ఉంటే నాలుగో స్థానం హైదరాబాద్‌దే! ప్రత్యర్థితో నేరుగా ఆడేటప్పుడు పడే గోల్ బరువు ఇలా ఉంటుంది. మన పాయింట్ ఒకటి తగ్గిస్తూనే వాళ్లకు రెండు పెంచుతుంది. పట్టికలో మాత్రం అది 31లో ఒక గోల్‌గా కలిసిపోయి ఉంది, వేరుగా ఏమీ కనిపించదు.

రెండో సందర్భం ఇంకా తమాషా. 2021 ఫిబ్రవరి 22న మోహన్ బగాన్‌తో మ్యాచ్. అయిదో నిమిషంలోనే చింగ్లెన్‌సనా సింగ్‌కు రెడ్ కార్డు చూపించారు. పదిమందితో ఆడుతూ కూడా హైదరాబాద్ 2-1 ఆధిక్యంలోకి వెళ్లింది. ఇంజురీ టైంలో ప్రీతమ్ కొటాల్ గోల్‌తో 2-2 అయింది. ఆ గోల్ పడకపోతే బతికిపోయేవాళ్లమని అభిమానులకు అనిపించడం సహజం. లెక్క వేసి చూద్దాం. గెలిస్తే రెండు పాయింట్లు అదనం, ఆఖరి రోజు 0-0 తర్వాత హైదరాబాద్‌కు 31. గోవాకూ 31. గోల్స్ తేడా హైదరాబాద్‌కు ప్లస్ 9, గోవాకు ప్లస్ 8. ఇంగ్లండ్ పద్ధతిలో అయితే హైదరాబాద్ సెమీస్‌లో ఉండేది. ఇక్కడ ముఖాముఖి ముందు చూస్తారు కాబట్టి డిసెంబరు నాటి 2-1 మళ్లీ అడ్డొచ్చేది. గోవాయే వెళ్లేది!

ఇలా 'అయి ఉంటే' లెక్కలకు ఓ మెలిక ఉందని మాత్రం ఒప్పుకోవాలి. ఆఖరి రోజున గోవాకు డ్రా సరిపోతుందని తెలుసు కాబట్టే అది తలుపులు మూసుకుని ఆడగలిగింది. డిసెంబరు మ్యాచ్ 1-1 అయి ఉంటే గోవా 28తో, హైదరాబాద్ 29తో బరిలోకి దిగేవి. అప్పుడు ముందుకు ఉరకాల్సింది గోవా, కాచుకోవాల్సింది హైదరాబాద్. అలాంటి మ్యాచ్ కూడా 0-0గానే ముగిసేదని ఏ పట్టికా హామీ ఇవ్వదు. కూడికలు, తీసివేతలు జరిగిపోయినదానికి పక్కాగా పనిచేస్తాయి. జరగబోయేదానికి అవి హద్దులు గీస్తాయంతే.

మరుసటి సీజన్ పట్టిక ఫొటో కూడా ఆ పాఠకుడి దగ్గరుంటే పక్కన పెట్టి చూసుకోవచ్చు. 2021-22లో అదే కోచ్ మనోలో మార్కెజ్ చేతికింద హైదరాబాద్ 20 మ్యాచ్‌ల్లో 11 గెలిచి, 5 డ్రా చేసుకుని, 4 ఓడింది. అంటే ముందటేడు కంటే ఒకటి ఎక్కువే ఓడింది! పాయింట్లు మాత్రం 29 నుంచి 38కి ఎగబాకాయి. కొట్టినవి 43, ఇచ్చినవి 23, తేడా ప్లస్ 20. రెండో స్థానంతో సెమీస్‌కు వెళ్లి, 2022 మార్చి 20న ఫైనల్లో కేరళను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు తెచ్చింది. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అందుకే ఆ చిరిగిన కాగితాన్ని ఇంకొన్నాళ్లు భద్రంగా దాచమని శ్రీరంగాపూర్‌కు జవాబు రాశాం. గోవా వరుసలో ఫ్లాష్ పడినచోట పెన్సిలుతో 23 అని రాసుకోమని కూడా.